ఫైలొచ్చింది, మాట రాలేదు: జిరాక్సు షాపు వాట్సాప్‌కి పేరొక్కటే వస్తే ఏం చేయాలి

పొద్దున షట్టరెత్తి, కంప్యూటరు ఆన్ చేసి, వాట్సాప్ వెబ్ తెరవగానే ఇలాంటివి వరసగా కనబడతాయి.

`Scan_0007.pdf`
`IMG-20240612-WA0012.jpg`
`Rental agreement final 2.docx`
`EC`

అంతే. ప్రింటు తియ్యాలా, ఎన్ని కాపీలు, కలరా బ్లాకా, ఎప్పుడొస్తారు, అసలు పంపింది ఎవరు, ఒక్కటీ ఉండదు. నంబరు సేవ్ చేసుకుని ఉండం, డీపీలో వెంకటేశ్వరస్వామి బొమ్మ ఉంటుంది. పంపినాయన మాత్రం తన పని అయిపోయినట్టే లెక్క. పదకొండింటికి బండి బయట ఆపి, దిగకుండానే "నాది అయిందా అన్నా?" అని అడుగుతాడు.

జిరాక్సు షాపో నెట్ సెంటరో డీటీపీయో నడిపేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఈ మాటలేని ఫైళ్లతో నేను పాడుచేసుకున్న కాగితం తక్కువేం కాదు. కొన్నాళ్లకు ఒకటి తెలిసింది. ఫైలు పేరు చూస్తే ఆ ఫైలు ఎలా పుట్టిందో తెలుస్తుంది, పంపినాయనకు ఏం కావాలో తెలియదు. పేరులో దొరికే ఆనవాళ్లు మనం అడగాల్సిన ప్రశ్నను చిన్నది చేసుకోవడానికి పనికొస్తాయి. ప్రశ్నే అడక్కుండా పని మొదలుపెట్టడానికి పనికిరావు.

ముందు పేరు చదవండి, తెరవడం తర్వాత

పేరులో చివరి చుక్క తర్వాత ఉన్న అక్షరాలు చూడండి. `pdf`, `jpg`, `docx` అయితే మామూలు సరుకు. `apk`, `exe`, `vbs` అని ఉంటే అది కాగితం కాదు, ప్రోగ్రాము. పెళ్లిపత్రిక అనో, చలానా అనో పేరు పెట్టి చివర `.apk` తగిలించి పంపే మోసం ఇప్పుడు మన ఊళ్లల్లో కూడా మామూలైపోయింది. మన పాత కస్టమరు నంబరు నుంచే వచ్చినా నమ్మకండి. ఆయన ఫోను అప్పటికే వాళ్ల చేతిలో పడి, అందులో ఉన్న నంబర్లన్నిటికీ అదే వెళ్తూ ఉండొచ్చు. షాపు ఫోన్లో మన యూపీఐ ఉంటుంది, బ్యాంకు మెసేజీలు దానికే వస్తాయి. అది ఇన్‌స్టాల్ అయిందంటే వచ్చిన ఓటీపీలు అవతలివాడు చదువుతాడు. అలాంటిది వస్తే ముట్టుకోకుండా ఆయనకి ఫోన్ చేసి చెప్పండి. డబ్బు పోయిందని తెలిస్తే ఆలోచిస్తూ కూర్చోకుండా 1930కి ఫోన్ చేయమనండి.

కంప్యూటర్లో ఇంకో తిరకాసుంది. విండోస్ చివరి అక్షరాలను దాచేస్తుంది కాబట్టి `marks.pdf.exe` అనే ఫైలు మనకు `marks.pdf` లాగే కనిపిస్తుంది. విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి View, అందులో Show, అందులో File name extensions మీద టిక్కు పెట్టండి. ఒకసారి పెడితే చాలు.

మామూలు ఫైలైతే పేరు ఇంకా చాలా చెబుతుంది. `IMG-20240612-WA0012.jpg` అని ఉందనుకోండి. అందులో WA అంటే అది వాట్సాప్ మీదుగా వచ్చిన ఫోటో. పక్కనున్న అంకెలు తేదీ, 2024 జూన్ 12. కెమెరాలో తీసిన అసలు బొమ్మ కాదది, వాట్సాప్ నలిపి చిన్నది చేసిన బొమ్మ. ఫోను తెర మీద బాగానే ఉంటుంది, A4 నిండా ప్రింటు తీస్తే అక్షరాల అంచులు పాకం పట్టినట్టు కరిగిపోయి కనిపిస్తాయి. అదే `IMG_20240612_101522.jpg` లాగా ఉంటే చాలా ఫోన్లలో కెమెరా పెట్టిన పేరు అలాగే ఉంటుంది, ఆయన దాన్ని డాక్యుమెంటుగా పంపాడన్నమాట. ప్రింటు శుభ్రంగా వస్తుంది. `Screenshot` అని మొదలైతే దాని వెనక అసలు పీడీఎఫ్ ఎక్కడో ఉండే ఉంటుంది, అదే అడిగి తెప్పించుకోవాలి. హాల్ టికెట్లు పిల్లలు ఎక్కువగా ఇలాగే పంపుతారు. పైన బ్యాటరీ, టైము, కింద బటన్లు అన్నీ కలిపి.

`EAadhaar_` అని మొదలై తర్వాత బారెడు అంకెలుంటే అది ఆధార్ సైటు నుంచి దింపుకున్న పీడీఎఫ్. పాస్‌వర్డు లేకుండా తెరుచుకోదు. ఆధార్‌లో ఉన్న ఇంగ్లీషు పేరులో మొదటి నాలుగు అక్షరాలు పెద్దబడిలో, పక్కనే పుట్టిన సంవత్సరం. మనవాళ్లకి ఇక్కడే తికమక. అందరూ పిలిచే పేరు కొడతారు, కానీ ఆధార్‌లో ముందు ఇంటిపేరుంటే మొదటి నాలుగక్షరాలూ ఇంటిపేరువే. P.KUMAR అని ఉంటే ఆ చుక్క కూడా ఒక అక్షరం కిందే లెక్క, 1990లో పుట్టినాయనకు పాస్‌వర్డు `P.KU1990` అవుతుంది. మధ్యలో ఖాళీ ఉంటే దాన్ని లెక్కపెట్టరు. SAI KUMAR అయితే `SAIK1990`. కాబట్టి "పాస్‌వర్డ్ ఎంతండీ?" అని అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. "ఆధార్ మీద ఇంగ్లీషులో పేరు ఎలా ఉందో అలాగే టైపు చేయండి, పుట్టిన సంవత్సరం కూడా" అని అడగండి.

మనం సొంతంగా చేయగలిగింది ఎంతవరకు

అడక్కుండా ఏ పనీ చేయొద్దు అన్నాను గానీ, చేతులు ముడుచుకు కూర్చోమని కాదు. ఫైలు తెరిచి చూడటానికి ఖర్చేం లేదు. తెరుచుకుంటోందా, ఎన్ని పేజీలు, ఏ సైజు, తెలుగు సరిగ్గా కనబడుతోందా, ఈ నాలుగూ ముందే చూసి పెట్టుకోవాలి.

సైజు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అగ్రిమెంట్లు, అఫిడవిట్లు చాలావరకు లీగల్ సైజులో టైపు చేసి ఉంటాయి, అంటే 216 మిల్లీమీటర్ల వెడల్పు, 356 పొడవు. మన ట్రేలో ఎప్పుడూ ఉండేది A4, దాని పొడవు 297. Fit అని కొడితే అక్షరాలు నూటికి 83 వంతులకి కుంచించుకుపోతాయి. Actual size అని కొడితే అడుగున ఉండే సాక్షుల సంతకాల చోటు ఎగిరిపోతుంది. ఫైలు పేరులో ఇదేదీ తెలియదు, తెరిచి చూస్తేనే తెలుస్తుంది.

తెలుగుతో వచ్చే చిక్కు ఇంకోటి. వర్డు ఫైలు తెరవగానే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తే ఫైలు పాడైందని చెప్పేయకండి. అది అను ఫాంట్లలో టైపు చేసింది అయ్యుంటుంది. ఆ ఫాంట్లు యూనికోడ్ కాదు, మన కంప్యూటర్లో అవి లేకపోతే లోపలున్న తెలుగు బయటికి రాదు. టైపు చేసిన చోటు నుంచే పీడీఎఫ్ చేయించి పంపమంటే సరిపోతుంది. యూనికోడ్ ఫైలైనా సరే, వాళ్లు వాడిన ఫాంటు మన దగ్గర లేకపోతే వేరేది వచ్చి కూర్చుంటుంది, లైన్లు జరుగుతాయి, మూడు పేజీలది నాలుగవుతుంది. అందుకే వర్డు ఫైలు వస్తే పేజీల సంఖ్య వాళ్లకి చెప్పి సరిపోయిందో లేదో అడగడం మంచిది.

ఇంత చూశాక ఆగండి. ప్రింటు బటను నొక్కొద్దు.

ఒక్క ప్రశ్న, అంకెతో జవాబు

మొదట్లో నేను "ఏం చేయాలండీ?" అని పెట్టేవాణ్ణి. దానికి వచ్చే జవాబు "అదే అన్నా", లేదంటే నమస్కారం బొమ్మ. తప్పు వాళ్లది కాదు. టైపు చేయడం ఇబ్బందయ్యే కదా ఫైలొక్కటే పంపింది, మళ్లీ టైపు చేయమంటే ఎలా? అందుకని జవాబు మనమే రాసిచ్చి, అంకె మాత్రం వాళ్లని నొక్కమనాలి. నేను పెట్టేది ఇది:

"నమస్కారం అండీ. మీ ఫైలు అందింది, 3 పేజీలు, తెరుచుకుంది. ఏం కావాలో అంకె పెట్టండి.
1. ప్రింటు, బ్లాక్, ఒక కాపీ
2. ప్రింటు, కలర్, ఒక కాపీ
3. ఎక్కువ కాపీలు (ఎన్నో రాయండి)
4. ఫైల్లో మార్పులున్నాయి, ఫోన్ చేస్తాను
5. వేరే పని"

నాలుగోది తప్పకుండా ఉండాలి. ప్రింటు కోసమే పంపారని మనం అనుకుంటాం, వాళ్ల మనసులో ఉన్నది మార్పు. నా కాగితం ఎక్కువగా పాడైంది ఇక్కడే. "3 పేజీలు" అన్న మాట కూడా ఊరికే పెట్టింది కాదు. ఏడు పేజీలు పంపానని అనుకుంటున్నవాళ్లు అక్కడే ఉలిక్కిపడి మిగతావి పంపుతారు.

ఇది రోజూ టైపు చేయక్కర్లేదు. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో Quick replies అని ఉంటుంది. అందులో ఇది దాచుకుని `/file` అని చిన్న పేరు పెట్టుకుంటే, చాట్‌లో ఆ గీత కొట్టి దాన్ని ఎంచుకోగానే మొత్తం వస్తుంది. పేజీల సంఖ్య ఒక్కటి మార్చి పంపడమే. అదే యాప్‌లో Greeting message ఉంది గదా, దానికే ఇది పెట్టేస్తే సరిపోదా అని నేనూ అనుకున్నాను. అది మొదటిసారి మెసేజి పెట్టినవాళ్లకి, లేదా 14 రోజులుగా మాటల్లేనివాళ్లకి మాత్రమే వెళ్తుంది. వారం వారం వచ్చే కస్టమరుకి వెళ్లదు. రాత్రిళ్లు వచ్చేవాటికి Away message పెట్టుకోండి, పొద్దున ఎన్నింటికి తెరుస్తారో అందులో రాయండి.

అంకె కూడా పెట్టలేనివాళ్లుంటారు. కాస్త పెద్దవాళ్లని అనిపిస్తే నేను మెసేజి మానేసి ఫోనే చేస్తాను. "బాబాయ్, ఆధార్ కాగితం వచ్చింది, ముందూ వెనకా ఒకే పేజీలో కావాలా?" అంటే అర నిమిషంలో తేలిపోతుంది. వాళ్లు పంపేది ఎక్కువగా కార్డు ముందు భాగం ఒక ఫోటో, వెనక భాగం ఒక ఫోటో. రెండింటినీ రెండు పేజీల్లో తీసిస్తే, ఒకే పేజీలో కావాలని ఇంటికెళ్లి మళ్లీ వస్తారు. ఒకే పేజీలో పైనా కిందా పెట్టి ఇస్తే సంతోషిస్తారు.

జవాబు రానంతవరకు తియ్యకూడదన్న నియమానికి నేను ఇచ్చుకున్న సడలింపు ఒక్కటే. ఒకే పేజీ హాల్ టికెట్టు, పరీక్ష ఆ రోజే అయితే కలర్లో ఒకటి తీసి పక్కన పెడతాను. పోతే ఒక కాగితం. అయిదు పేజీలు దాటితే మాత్రం జవాబు ఒక్కటే చాలదు, కొంత అడ్వాన్సు ఫోన్‌పే చేయించుకుంటాను. `Project record final.pdf` అని 84 పేజీలు వచ్చింది ఒకసారి. ఎవరిదో ఇప్పటికీ తెలియదు. తియ్యలేదు కాబట్టి సరిపోయింది.

ఒక అగ్రిమెంటు కథ

పైన రాసిన `Rental agreement final 2.docx` నిజంగా వచ్చిందే. నేను అప్పటికి ఈ పద్ధతి పెట్టుకోలేదు. అగ్రిమెంటు అంటే ఇంటాయనకొకటి అద్దెకుండేవాళ్లకొకటి కదా అనుకుని A4 మీద రెండు సెట్లు, ఆరు పేజీలు తీసి స్టేపుల్ కొట్టి పెట్టాను. ఆయన వచ్చి చూసి, "ఇదేంటండీ, స్టాంపు పేపరు మీద కదా. అడ్వాన్సు కూడా మార్చాలి, పాత ఇంటిది పంపాను నమూనాకి" అన్నాడు. పేరులో final అని ఉంది, 2 కూడా ఉంది. ఆ ఫైనల్ రెండేళ్ల కిందటి అద్దెకి ఫైనలు.

ఇప్పుడు అదే ఫైలు వస్తే చేసేది ఇలా ఉంటుంది. తెరిచి చూస్తాను. లీగల్ సైజు, మూడు పేజీలు, లోపల తేదీ పాతది. ఆ పాత తేదీ చూడగానే ఇది నమూనా అయ్యుండొచ్చని అనుమానం రావాలి. అందుకే మామూలు అయిదు అంకెల మెసేజి కాకుండా, "అగ్రిమెంటులో తేదీ పాతది ఉందండీ. ఇది ఉన్నదున్నట్టు తియ్యాలా, కొత్త వివరాలతో మార్చాలా? స్టాంపు పేపరు మీ దగ్గరుందా?" అని అడుగుతాను. మార్చమంటే పేర్లు, డోర్ నంబరు, అద్దె, అడ్వాన్సు, ఏ తేదీ నుంచి ఎన్ని నెలలు అన్న వివరాలు కాగితం మీద రాసి ఫోటో తీసి పంపమంటాను. ఫోన్లో చెబితే రాసుకోను. డోర్ నంబర్లో ఒక అంకె తేడా వచ్చినా ఎవరు తప్పన్నది తేలదు.

మార్చాక పీడీఎఫ్ చేసి వాళ్లకే పంపుతాను. "సరిగ్గా ఉంది" అని రాతలో వచ్చాకే స్టాంపు పేపరు ప్రింటరులో పెడతాను. అదీ నేరుగా కాదు. మొదటి పేజీ ముందు మామూలు లీగల్ కాగితం మీద తీసి, స్టాంపు పేపరు వెనక ఆనించి వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూస్తాను. మన మొదటి లైను స్టాంపు ముద్ర కిందికి దిగిందా, లేక దాని మీదికి ఎక్కిందా తెలిసిపోతుంది. ఎక్కితే పై మార్జిను పెంచాలి. స్టాంపు పేపరు పాడైతే మళ్లీ కొనాల్సింది మనమే.

ఫైలు కూడా లేకుండా పేరొక్కటే వస్తే

`EC`. లేదా `1బి`. లేదా "ఇన్‌కమ్ సర్టిఫికెట్". ఇది ఫైలు కాదు, కాగితం పేరు. దీనికి మూడు అర్థాలుండొచ్చు. తీసిపెట్టమని, ఎంతవుతుందో చెప్పమని, లేదా అక్కడ దొరుకుతుందా అని. ఇంకా నాలుగోదీ ఉంది, ఫైలు జత చేయబోయి పేరు టైపు చేసి ఊరుకోవడం. "కాగితం మీ దగ్గరుందా, కొత్తగా తియ్యాలా?" అన్నది ఇక్కడ మొదటి ప్రశ్న. ధర చెప్పడం దాని తర్వాతే.

కొత్తగా తియ్యాలంటే ఆ కాగితానికి ఏం కావాలో ఒకేసారి అడిగేయండి. ఈసీకి దస్తావేజు నంబరు, అది రిజిస్టరైన సంవత్సరం, ఏ సబ్ రిజిస్ట్రారు ఆఫీసు అన్నవి. పాత దస్తావేజు మొదటి పేజీ ఫోటో పంపమంటే చాలావరకు మూడూ అందులోనే దొరుకుతాయి. 1బికి ఊరు, ఖాతా నంబరు లేదా సర్వే నంబరు. సర్వే నంబర్లో సబ్ డివిజను మర్చిపోతారు. 112 అంటారు, ఉన్నది 112-3బి. ఇంకొకళ్ల పొలం కాగితం తీసిచ్చి డబ్బు తీసుకుంటే తర్వాత మనకే తలనొప్పి.

పేర్లు కలిసిపోకుండా

వాట్సాప్ వెబ్‌లో డౌన్‌లోడ్ కొడితే అన్నీ Downloads లోకే పోతాయి. ఒక రోజులో ముగ్గురు `Scan.pdf` పంపారంటే అక్కడ `Scan.pdf`, `Scan (1).pdf`, `Scan (2).pdf` అని ఉంటాయి. ఎవరిది ఏదో పేరు చూసి చెప్పలేం. ఒకామె పాన్ కార్డు ఇంకొకాయనకి ఇచ్చేసి, ఆయన దాన్ని బ్యాంకు దాకా తీసుకెళ్లి, అక్కడివాళ్లు చూసి వెనక్కి పంపిన సంఘటన నా షాపులోనే జరిగింది.

అందుకని సేవ్ చేసేటప్పుడే పేరు మారుస్తాను. పంపినవాళ్ల నంబరులో చివరి నాలుగంకెలు, పక్కన కాగితం పేరు, పక్కన కాపీలు. అంటే `4471 aadhaar 2c.pdf`. ప్రింటు తీశాక మొదటి కాగితం మూల మీద పెన్సిల్‌తో 4471 అని రాస్తాను. వచ్చినాయన్ని "మీ నంబరు చివరి నాలుగు అంకెలు చెప్పండి" అని అడిగి ఇవ్వడమే. పేరు అడగను. మా సెంటర్లో శ్రీనులు ఎనిమిదిమంది ఉన్నారు.

రాత్రి షట్టరు దించే ముందు ఆ రోజు ఇచ్చేసిన ఫైళ్లన్నీ తీసేయాలి. మామూలుగా Delete కొడితే రీసైకిల్ బిన్‌లోకి పోయి అక్కడే ఉంటాయి, `Shift + Delete` కొట్టండి. వాట్సాప్ చాట్‌లోంచి కూడా తీసేయండి. రేపు కుర్రాడెవరో మన కంప్యూటర్లో ఏదో వెతుకుతుంటే పక్కవీధివాళ్ల ఆధార్లు కనబడకూడదు. జవాబు రానివాటిని ఇంకో రోజు ఉంచుతాను. ఆ రోజు సాయంత్రానికీ అంకె రాకపోతే వాటినీ తీసేస్తాను. తర్వాత వచ్చి అడిగితే మళ్లీ పంపమంటే సరి, ఫైలు వాళ్ల ఫోన్లో ఎలాగూ ఉంటుంది.